డ్రైవింగ్ టెస్ట్ కోసం బుధవారం సెలవు

మేనేజర్ గారికి నమస్కారం.

వచ్చే బుధవారం ఉదయం 10:30కి నాకు డ్రైవింగ్ లైసెన్స్ టెస్ట్ ఉంది సార్. ఆ ఒక్క రోజు సెలవు ఇప్పించగలరు. శని, ఆదివారాల్లో అక్కడ టెస్టులు పెట్టరు. రోజూ పొద్దున్నే సైట్ తెరిచి చూస్తే, మూడు వారాలకు ఈ స్లాట్ దొరికింది. నా లెర్నర్ లైసెన్స్ గడువు నెలాఖరుకు అయిపోతుంది, అదే టెన్షన్. పూట సెలవు చాలనుకున్నాను గానీ, కాగితాలు చూపించి, క్యూలో నిలబడి, ట్రాక్ మీద నా వంతు వచ్చేసరికి ఎంతసేపవుతుందో చెప్పలేం.

బుధవారం ఇవ్వాల్సిన స్టాక్ రిపోర్టు మంగళవారం సాయంత్రానికే మీకు పంపిస్తాను. ఆ రోజు వచ్చే బిల్లులు చూడటానికి పక్క సీటు మేడమ్ ఒప్పుకున్నారు. స్లాట్ రసీదు జత చేశాను. త్వరగా అయిపోతే మధ్యాహ్నమే వచ్చేస్తాను సార్.

ఇట్లు,
మీ స్టోర్స్ క్లర్క్