విషయం: పగటి పూట వీపీఎన్, రిమోట్ డెస్క్‌టాప్ బాగా స్లో: టెస్ట్ వివరాలతో

ఐటీ టీమ్‌కు నమస్కారం,

నేను అకౌంట్స్‌లో పనిచేస్తున్నాను. సోమ, మంగళ, బుధవారాలు విజయవాడలో ఇంటి నుంచే పని. రెండు వారాలుగా పొద్దున పదిన్నర దాటితే వీపీఎన్‌లో ఆఫీసు కంప్యూటర్ (ACC-PC-14) మీద పని చేయడం చాలా కష్టంగా ఉంది. నిన్న ట్యాలీలో బిల్లు నంబరు కొడితే అంకెలు రెండు మూడు సెకన్లకు గానీ తెర మీద పడలేదు. ఎంటర్ పడలేదేమోనని మళ్లీ నొక్కాను, ఒకే వోచర్ రెండుసార్లు ఎక్కింది. సాయంత్రం లెడ్జర్ సరిచూస్తుంటే దొరికింది కాబట్టి సరిపోయింది.

మొదట మా ఇంటి నెట్‌నే అనుమానించాను. అందుకే వైఫై ఆపేసి, ల్యాప్‌టాప్‌కు రౌటర్ నుంచి నేరుగా కేబుల్ పెట్టి చూశాను. నిన్న సోమవారం (17వ తేదీ) ఉదయం 11 గంటలకు వీపీఎన్ లేకుండా స్పీడ్ టెస్ట్‌లో డౌన్‌లోడ్ 94, అప్‌లోడ్ 91 ఎంబీపీఎస్ వచ్చింది. 8.8.8.8కి పింగ్ సగటు 16 మిల్లీసెకన్లు, ఒక్క ప్యాకెట్ కూడా పోలేదు. వెంటనే వీపీఎన్ కలిపి అదే టెస్ట్ చేస్తే డౌన్‌లోడ్ 5, అప్‌లోడ్ 2 దగ్గర ఆగింది. 11:10కి ఆఫీసు కంప్యూటర్‌కు పింగ్ ఇలా వచ్చింది:

```
ping -n 100 ACC-PC-14
Sent = 100, Received = 93, Lost = 7 (7% loss)
Minimum = 41ms, Maximum = 1184ms, Average = 226ms
```

11:40కి ఫోన్ హాట్‌స్పాట్ మీద కూడా చూశాను, సగటు 239. నెట్ కంపెనీ మారినా తేడా లేదు. ఈరోజు పొద్దున 6:45కి మాత్రం అదే కేబుల్, అదే ల్యాప్‌టాప్‌తో సగటు 27, లాస్ సున్నా. ఆ టైంలో రిమోట్ డెస్క్‌టాప్ ఆఫీసులో కూర్చున్నట్టే నడిచింది. దీన్నిబట్టి అందరూ లాగిన్ అయ్యే వేళకు వీపీఎన్ గేట్‌వే దగ్గరే లోడ్ పెరుగుతోందని నాకు అనిపిస్తోంది.

నిన్న 11 నుంచి 12 గంటల మధ్య గేట్‌వే లాగ్‌లు ఒకసారి చూడగలరా? నా కనెక్షన్ యూడీపీ మీద నడుస్తోందా, టీసీపీకి పడిపోతోందా అన్నది కూడా చెప్పండి. ఇంకొకటి: వీపీఎన్ కలిపినప్పుడు స్పీడ్ టెస్ట్ కూడా ఆఫీసు ఐపీ అడ్రస్‌నే చూపిస్తోంది, అంటే వీడియో మీటింగ్‌లతో సహా నెట్ మొత్తం ఆఫీసు మీదుగా తిరుగుతున్నట్టే కదా. భద్రతకు ఇబ్బంది లేకపోతే మీటింగ్‌ల ట్రాఫిక్‌నైనా బయటి నుంచి వెళ్లనివ్వమని నా మనవి.

20వ తేదీకి జీఎస్టీఆర్-3బి దాఖలు చేయాలి, అందుకే టెన్షన్‌గా ఉంది. ఈలోగా ఉదయం 6:30 నుంచి 9:30 వరకు పని చేసుకుంటాను, మా మేనేజర్ గారికి చెప్పాను. మీరు రిమోట్‌గా చూడాలంటే రేపు 11 గంటలకు ల్యాప్‌టాప్ దగ్గరే ఉంటాను. పూర్తి పింగ్ ఫలితాలు, స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్లు జత చేశాను.

ధన్యవాదాలు,
సుజాత
అకౌంట్స్ విభాగం