విషయం: ఫిబ్రవరి 20, 21 లైన్ ఫాలోయర్ పోటీకి 40 కిట్ల స్పాన్సర్‌షిప్ కోసం వినతి

మార్కెటింగ్ మేనేజర్ గారికి,

నమస్కారం. మా కాలేజీ రోబోటిక్స్ క్లబ్ ఫిబ్రవరి 20, 21 తేదీల్లో లైన్ ఫాలోయర్ పోటీ పెడుతోంది. జట్టుకు నలుగురు చొప్పున 40 జట్లు, మొత్తం 160 మంది ఇంజినీరింగ్ విద్యార్థులు. మిమ్మల్ని నగదు అడగడం లేదు. మీరు తయారుచేసే భాగాలే కావాలి.

6 వోల్టుల గేర్ మోటార్లు 80, మోటార్ డ్రైవర్ బోర్డులు 40, ఐదు సెన్సర్ల ఐఆర్ పట్టీలు 40. వీటిమీద పదో వంతు విడిగా ఇవ్వగలిగితే మేలు. హడావుడిలో బ్యాటరీ తీగలు తిరగేసి కలిపితే బోర్డు కాలిపోతుంది, అలాంటివి తప్పవు. బోర్డులు మాస్‌ఫెట్ రకం అయితే బాగుంటుంది. ఎల్298ఎన్ తనలోనే సుమారు 2 వోల్టులు మింగేస్తుంది కాబట్టి మా 7.4 వోల్టుల బ్యాటరీతో మోటారుకు మిగిలేది తక్కువే. బ్యాటరీలు, కంట్రోలర్లు, చట్రాలు, రవాణా మా బాధ్యత.

ఇక మీకు వచ్చేది. మీ లోగోను ట్రాక్ మీదే ముద్రిస్తాం. పైన బిగించిన కెమెరా ఫైనల్‌ను ప్రత్యక్షంగా చూపిస్తుంది కనుక పరుగు సాగినంతసేపూ లోగో తెరమీద ఉంటుంది. నల్ల గీతకు 20 సెంటీమీటర్ల ఎడం వదులుతాం, లేకపోతే సెన్సర్ లోగోలోని ముదురు రంగునే గీత అనుకుని దారి తప్పుతుంది. మొదటి రోజు మీ ఇంజినీరుకు అరగంట ప్రసంగం, రెండు రోజులూ హాలు గుమ్మం పక్కనే డెమో టేబుల్. మోటార్లు, సెన్సర్లు తయారుచేసే మరో కంపెనీని స్పాన్సర్‌గా తీసుకోం.

మా దృష్టిలో అన్నిటికన్నా పనికొచ్చేది లోపాల నివేదిక. ప్రతి కిట్‌కు నంబరు వేసి, ఏ భాగం ఎన్ని గంటల వాడకానికి, ఏ పరిస్థితిలో పాడైందో రాసి, మార్చి 3లోగా పంపుతాం. తప్పు విద్యార్థిదైతే అదీ దాచం. ఉద్యోగాలు, ఇంటర్న్‌షిప్‌ల కోసం రెజ్యూమేలు కావాలంటే, ఒప్పుకున్నవారివి మాత్రమే ఇస్తాం. అందరి ఫోన్ నంబర్లు ఇస్తామని మాట ఇవ్వలేం.

మీ నిర్ణయం జనవరి 10లోగా తెలపండి. కిట్లు జనవరి 31కి చేరితే జట్లకు దాదాపు మూడు వారాల సాధన దొరుకుతుంది. ఆలస్యమైతే పాత భాగాలతో సర్దుకుంటారు, అప్పుడు మీ పేరు ట్రాక్ మీద ఉన్నా మీ మోటారు రోబో కింద ఉండదు. లోగోను ఎస్‌వీజీ ఫైలుగా ఫిబ్రవరి 5లోపు పంపండి. వెబ్‌సైట్ నుంచి తీసిన చిన్న బొమ్మ పెద్ద సైజులో ముద్రిస్తే అలుక్కుపోతుంది.

40 కుదరకపోతే 20 కిట్లయినా సరే. అప్పుడు ఫైనల్‌కు వచ్చే 20 జట్లకే ఇస్తాం. లోగో, టేబుల్, నివేదిక అలాగే ఉంటాయి, ప్రత్యేక స్పాన్సర్ హామీ మాత్రం ఉండదు. విభాగాధిపతి అనుమతి పత్రం, ట్రాక్ కొలతలు జతచేశాం. ఈ మెయిల్‌కు జవాబుగా వీలైన సమయం చెబితే పావుగంట ఫోన్‌లో మాట్లాడతాను.

ఇట్లు,
విద్యార్థి కన్వీనర్,
రోబోటిక్స్ క్లబ్, ఎలక్ట్రానిక్స్ విభాగం