హెల్మెట్ పట్టీ ప్రకటన (30 సెకన్లు): వాయిస్ ఓవర్ స్క్రిప్టు, సవరించిన ప్రతి

మీ స్క్రిప్టును రఫ్ కట్ పక్కన పెట్టుకుని నాలుగుసార్లు గట్టిగా చదివాను. రేపు ఉదయం పదింటికి రికార్డింగ్ కాబట్టి మార్పులన్నీ ఇందులోనే రాస్తున్నాను. ఏ మార్పు ఎందుకు చేశానో కూడా చెబుతున్నాను. ఒప్పుకోలేనిది ఉంటే ఈ రాత్రికే ఫోన్ చేయండి, మాట్లాడుకుందాం.

ముందు లెక్క. తెలుగులో మాటలు లెక్కపెడితే నిడివి తెలియదు. "తెలుసా", "బయలుదేరేటప్పుడు" రెండూ ఒక్కో మాటే, కానీ పలకడానికి పట్టే సమయం ఒకటి కాదు. అందుకే నేను అక్షరాలు లెక్కపెడతాను. పొల్లుగా మిగిలే హల్లును విడిగా లెక్కించను, కాబట్టి "హెల్మెట్" రెండే. తొందర లేకుండా చెప్పే గొంతుకు సెకనుకు ఐదు అక్షరాలు వేసుకుంటాను. మీ స్క్రిప్టులో మొత్తం 308 వచ్చాయి, అంటే దాదాపు 62 సెకన్లు. మన ఫిల్ము 30. ఎంత మంచి గొంతయినా దీన్ని పరుగెత్తి చదవాల్సిందే. ఆ పరుగులో వినేవాళ్లకు చివరికి మిగిలేది గొంతు తొందర ఒక్కటే. సవరించిన ప్రతిలో 64 అక్షరాలు ఉన్నాయి. మిగతా సమయం బొమ్మది, శబ్దానిది.

షాట్ 1 (0:00–0:04). కొక్కేనికి ఉన్న హెల్మెట్ తీసి తండ్రి తలకు పెట్టుకుంటాడు.

మీ లైను: "ప్రతిరోజూ మనం ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు మన ప్రాణాలను కాపాడుకోవడం కోసం తప్పనిసరిగా హెల్మెట్‌ను ధరిస్తున్నాం."

మార్చిన లైను: "పెట్టుకున్నారు. మంచిది."

నాలుగు సెకన్లలో 45 అక్షరాలు పట్టవు, ఆ సంగతి ఎలాగూ ఉంది. అసలు కారణం వేరు. ఇల్లు, బయలుదేరడం, హెల్మెట్ మూడూ తెర మీదే ఉన్నాయి. చూస్తున్నదాన్నే మళ్లీ వినిపిస్తే చూసేవాళ్లు వినడం మానేస్తారు. "ధరించడం" అచ్చులో బాగుంటుంది కానీ ఇంట్లో ఎవరూ అలా అనరు. ఇంకో లాభం కూడా ఉంది. "పెట్టుకున్నారు" అన్నప్పుడు కర్త చెప్పనక్కర్లేదు. తెర మీద ఉన్న ఆయనకు అది "ఆయన పెట్టుకున్నారు" అవుతుంది, చూస్తున్నవాళ్లకు "మీరు పెట్టుకున్నారు" అవుతుంది. తెలుగు క్రియ ఇచ్చిన ఈ వెసులుబాటును వదులుకోకూడదనిపించింది. అందుకే "మనం" తీసేశాను. మొదటి రెండు సెకన్లు గొంతు వద్దు. కొక్కెం చప్పుడు వినపడనివ్వండి.

షాట్ 2 (0:04–0:09). దగ్గరగా: గడ్డం కింద ఊగుతున్న పట్టీ.

మీ లైను: "అయితే హెల్మెట్‌కు ఉన్న చిన్ స్ట్రాప్‌ను బిగించుకోవడంలో మనం చూపిస్తున్న నిర్లక్ష్యం ఎంత ప్రమాదకరమైనదో మీకు తెలుసా?"

మార్చిన లైను: "మరి, ఈ పట్టీ?"

"ఈ" అనేటప్పటికి కెమెరా పట్టీ మీద ఉంటుంది, కాబట్టి చూపించే పని ఆ ఒక్క అక్షరమే చేస్తుంది. "స్ట్రాప్‌ను" అనేది నాలుక మడతపడే చోటు. గట్టిగా మూడుసార్లు అని చూడండి. "నిర్లక్ష్యం" అన్న మాట తీసేయడానికి ఇంకో కారణం ఉంది. అది వినగానే మనిషి తనను తాను సమర్థించుకోవడం మొదలుపెడతాడు. మనకు కావలసింది అతని చెయ్యి పట్టీ మీదకు వెళ్లడం.

షాట్ 3 (0:09–0:14). 0:12 వరకు జారుతున్న చక్రం మాత్రమే. 0:12కు కట్. ఖాళీ రోడ్డు మీద ఒంటరిగా దొర్లుతున్న హెల్మెట్.

మీ లైను: "ప్రమాదం జరిగిన సమయంలో స్ట్రాప్ బిగించబడని హెల్మెట్ తల నుండి ఊడిపోయి దూరంగా ఎగిరిపడి రోడ్డుపై దొర్లుకుంటూ వెళ్లిపోతుంది."

మార్చిన లైను: "పడే క్షణానికి అది తల మీద ఉంటుందా?"

ఎక్కువసేపు కూర్చున్నది దీని మీదే. తెలుగు వాక్యంలో అసలు విషయం చివరన వచ్చే క్రియలో ఉంటుంది. మీ వాక్యంలో "ఊడిపోయి", "ఎగిరిపడి", "దొర్లుకుంటూ" అని ఒకదాని వెనక ఒకటి వేలాడుతూ వెళ్లి, "వెళ్లిపోతుంది" వచ్చేసరికి బొమ్మ ఎప్పుడో ముందుకు పోయింది. హెల్మెట్ దొర్లి ఆగిపోయాక గొంతు "దొర్లుకుంటూ" అంటుంది. అందుకని క్రియను కట్ మీద పడేలా కూర్చాను. "ఉంటుందా" చివరి అక్షరం 0:12కు ముగియాలి, ఆ వెంటనే ఖాళీ హెల్మెట్ కనపడాలి. ప్రశ్న గొంతుది, జవాబు బొమ్మది.

మొదట "తల మీద ఉండదు" అని రాశాను, తర్వాత కొట్టేశాను. బిగించని ప్రతి హెల్మెట్టూ ప్రతిసారీ ఊడిపోతుందని మనం ఖాయంగా అనలేం. అలా అనేస్తే, ఊడిపోకుండా ఒకసారి బయటపడ్డ మనిషి ప్రకటనను మొత్తంగా నమ్మడం మానేస్తాడు. ప్రశ్నగా అడిగితే అబద్ధం లేదు, బలమూ తగ్గలేదు. ఇక "బిగించబడని" లాంటి "బడు" రూపాలు వాయిస్ ఓవర్‌లో ఎక్కడా వద్దు.

ఎడిటింగ్ వాళ్లకు ఒక మాట: చక్రం కీచుమనే శబ్దం "క్షణానికి" మీద పడుతోంది. దాన్ని ఆ ఒక్క చోట కొంచెం తగ్గించాలి.

షాట్ 4 (0:14–0:19). రెండుగా కోసిన హెల్మెట్. లోపలి తెల్లటి ఫోమ్ పొరను వేలు తాకుతుంది.

మీ లైను: "హెల్మెట్ లోపలి భాగంలో అమర్చబడిన థర్మోకోల్ వంటి ప్రత్యేకమైన ఫోమ్ పొర అణిగిపోవడం ద్వారా దెబ్బ తాలూకు శక్తిని గ్రహించి తలకు గాయం అయ్యే ముప్పును 69 శాతం వరకు తగ్గిస్తుందని అధ్యయనాలు చెబుతున్నాయి."

మార్చిన లైను: "దెబ్బ, ముందు ఇది తింటుంది. తల మీద ఉంటేనే."

ఐదు సెకన్లకు 82 అక్షరాలు. మీరు చెప్పిన విషయం నిజమే. ఫోమ్ నలిగిపోతూ దెబ్బ శక్తిని తనలోకి తీసుకుంటుంది. ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌ను మార్చాలని చెప్పేదీ అందుకే, నలిగిన పొర మళ్లీ లేవదు. అయితే దీన్ని విడమరిచి చెప్పే సమయం ఇక్కడ లేదు. "దెబ్బ తినడం" అని మనకు ఎలాగూ ఒక నుడి ఉంది. తినేది ఎవరో మారిస్తే చాలు, భౌతికశాస్త్రం అంతా అందులోకి వచ్చేస్తుంది. వేలు ఫోమ్‌ను తాకేటప్పుడు "ఇది" పలకాలి. "థర్మోకోల్" తీసేశాను. పదార్థం అదే కుటుంబానిది అయినా, ఆ మాట వినగానే ప్యాకింగు పెట్టెల్లో వచ్చే తెల్ల ముక్కలు గుర్తొచ్చి హెల్మెట్ చులకన అవుతుంది. "ముందు" మాత్రం తీయకండి. అది లేకపోతే తలకు ఏమీ కాదని మాట ఇచ్చినట్టవుతుంది.

69 శాతం గురించి. ఆ అంకె 2008 నాటి కోక్రేన్ సమీక్షలోది, అంటే అప్పటికి వచ్చిన అధ్యయనాలను కలిపి చూసిన నివేదికలోది. మోటార్‌సైకిల్ నడిపేవాళ్లు హెల్మెట్ పెట్టుకుంటే తలకు గాయమయ్యే ముప్పు ఎంత తగ్గుతుందో అది చెబుతుంది. పట్టీ గురించి కాదు, ఫోమ్ పొర గురించీ కాదు. మన ఫిల్ము పట్టీ గురించి. ఈ షాట్‌లో ఆ అంకె వినిపిస్తే దాన్ని ఫోమ్‌కు అంటగట్టినట్టే. పైగా "అరవై తొమ్మిది శాతం" అనడానికే ఎనిమిది అక్షరాలు పోతాయి. తెర మీద అక్షరాలుగా వేద్దామా అనుకున్నాను. గొంతు ఒకటి చెబుతుంటే కన్ను ఇంకొకటి చదవాలి, రెండూ సగం సగం అందుతాయి. అంకెను వీడియో కింద రాసే వివరణలోకి మార్చాను, సందర్భంతో సహా.

షాట్ 5 (0:19–0:25). కూతురు పరుగెత్తుకొచ్చి పట్టీ బిగిస్తుంది. 0:21కు "క్లిక్". తర్వాత పట్టీకీ గడ్డానికీ మధ్య రెండు వేళ్లు పెట్టి చూస్తుంది.

మీ లైను: "కనుక హెల్మెట్ పెట్టుకున్న ప్రతిసారీ దాని స్ట్రాప్‌ను గడ్డం కింద సరిగ్గా బిగించుకుని రెండు వేళ్లు మాత్రమే పట్టేంత సందు ఉందో లేదో తప్పక చూసుకోండి."

మార్చిన లైను: "రెండు వేళ్లు పట్టాలి. అంతే."

క్లిక్ దాకా గొంతు వద్దు. క్లిక్ తర్వాత కూడా ఒక సెకను వద్దు. ఫిల్ము మొత్తంలో జనం గుర్తుపెట్టుకోవలసిన శబ్దం అదొక్కటే. నా మొదటి లైను "రెండు వేళ్ల సందు. అంతే." పక్క గదిలో ఉన్నవాళ్లకు చదివి వినిపిస్తే, రెండు వేళ్ల మధ్య ఉండే సందు అనుకున్నారు. కాగితం మీద ఈ తేడా నా కంటికి ఆనలేదు.

షాట్ 6 (0:25–0:30). బండి వెళ్లిపోతుంది. చివరి సెకనున్నర సంస్థ గుర్తు.

మీ లైను: "మీ క్షేమమే మీ కుటుంబానికి సంతోషం. కావున నేడే మేల్కొనండి, హెల్మెట్ స్ట్రాప్‌ను బిగించండి, ప్రాణాలను కాపాడుకోండి!"

మార్చిన లైను: "పెట్టుకుంటే చాలదు. బిగించాలి."

మొదటి షాట్‌లో "మంచిది" అని మెచ్చుకున్న గొంతే ఇక్కడ "చాలదు" అంటుంది, కాబట్టి రెండూ ఒకే స్వరంలో ఉండాలి. కుటుంబం ప్రేమ గురించి ఇప్పుడే ఆ పిల్ల చేతులు చెప్పాయి. ఆశ్చర్యార్థకం తీసేశాను. అది కనపడితే ఆర్టిస్టు గొంతు పెంచుతారు.

రికార్డింగ్ గదిలోకి ఈ కింది ప్రతి మాత్రమే వెళ్లాలి. ఒక గీత అంటే చిన్న ఆగడం, రెండు గీతలు అంటే ఊపిరి తీసుకునేంత ఆగడం.

0:02 – పెట్టుకున్నారు. / మంచిది.
(మెచ్చుకోలు నిజంగానే, వెక్కిరింపు ఛాయ రాకూడదు)

0:05½ – మరి, / ఈ పట్టీ?
("పట్టీ"లో "ప" మైకులో పేలకుండా ముఖం కొంచెం పక్కకు)

0:09 – పడే క్షణానికి / అది తల మీద ఉంటుందా?
(0:12కు ముగియాలి, తర్వాత మౌనం)

0:14½ – దెబ్బ, / ముందు ఇది తింటుంది. // తల మీద ఉంటేనే.
(ఒత్తు "ఇది" మీద, రెండో వాక్యంలో "ఉంటేనే" మీద)

0:22 – రెండు వేళ్లు పట్టాలి. // అంతే.
(పిల్లకు నేర్పుతున్నట్టు మెల్లగా)

0:26 – పెట్టుకుంటే చాలదు. // బిగించాలి.
("బిగించాలి" ఆజ్ఞలా కాదు, గుమ్మం దగ్గర ఇంట్లోవాళ్లు గుర్తుచేసినట్టు)

షాట్ 3 లైనుకు రెండు టేకులు తీసుకోండి. ఒకటి ప్రశ్న స్వరం పైకి వెళ్లేలా, ఇంకోటి "ఉంటుందా" దగ్గర స్వరం కిందికి దిగేలా. నా చెవికి రెండోదే సరిపోతోంది. అయినా దొర్లే హెల్మెట్ చప్పుడుతో కలిపి విన్నాకే ఖాయం చేద్దాం.