మరమ్మతులు పూర్తయ్యే వరకు అద్దె తగ్గించవలసిందిగా ఇంటి యజమానికి లేఖ

వెస్ట్ మాంబలం,
చెన్నై - 600033.
28 జూన్ 2025

శ్రీ రాఘవయ్య గారికి,

విషయం: రెండో అంతస్తు ఫ్లాటులో వంటగది, వెనక పడకగది వాడుకలో లేని రోజులకు అద్దె తగ్గింపు గురించి.

నమస్కారం. ఫోనులో రెండుసార్లు ప్రస్తావించిన విషయమే అయినా, లెక్కలతో కూడిన సంగతి కాబట్టి కాగితం మీద పెడితే మీకూ నాకూ స్పష్టంగా ఉంటుందని ఈ ఉత్తరం రాస్తున్నాను. నెల్లూరు నుంచి మీరు మాటిమాటికీ వచ్చి చూడటం కుదరదు కనుక, ప్రస్తుతం ఇల్లు ఏ స్థితిలో ఉందో కొంచెం వివరంగానే చెప్పవలసి వస్తోంది.

2022 సెప్టెంబరు నుంచి మేము ఈ ఇంట్లో ఉంటున్నాము. ఇన్నాళ్లలో అద్దె ఏ నెలా 5వ తేదీ దాటలేదు. వంటగది పైకప్పు మీద చెమ్మ మరక మొదట నిరుటి నవంబరు వానల్లో కనిపించింది. వానకు వచ్చిన చెమ్మే అనుకున్నాము. జనవరిలో ఎండలు కాసినా మరక ఆరకపోగా అటక దాకా పాకడంతో, అది వాన నీరు కాదని, పై ఫ్లాటు బాత్రూము నుంచి దిగుతున్న నీరని అర్థమై, జనవరి 19న ఫోటోలతో సహా మీకు వాట్సాప్‌లో తెలియజేశాను. మే 24న తెల్లవారుజామున పొయ్యి గట్టు మీద అరచేతికి రెండింతలున్న పెచ్చు ఊడిపడింది. మరో గంట గడిచి ఉంటే మా అమ్మ కాఫీ డికాక్షన్ కోసం అక్కడే నిలబడి ఉండేది. పడిన చోట పైకి చూస్తే తుప్పు పట్టి ఉబ్బిన ఇనుప చువ్వలు మూడు బయటికి కనిపించాయి.

కబురు అందిన వారం రోజుల్లోనే, జూన్ 1న, మీరు ఇంజనీరును వెంటబెట్టుకొని వచ్చి చూశారు. పై పూత పూసి సరిపెట్టకుండా పూర్తి మరమ్మతుకే ఒప్పుకున్నారు. దీనికి నేను కృతజ్ఞుణ్ణి. పని నాణ్యత మీద గాని, మీ ఉద్దేశం మీద గాని నాకు ఏ ఫిర్యాదూ లేదు. నేను అడుగుతున్నదల్లా, పని జరుగుతున్నన్ని రోజులు మేము వాడుకోలేకపోతున్న భాగానికి అద్దె కట్టకుండా ఉండే వెసులుబాటు మాత్రమే.

జూన్ 16న పని మొదలైంది. మేస్త్రీ చెప్పిన క్రమం ఇది: ముందు పై ఫ్లాటు బాత్రూములో టైల్సు తీసి, పైపులు మార్చి, వాటర్‌ప్రూఫింగ్ చేసి, నీళ్లు నిలవగట్టి కారుతోందో లేదో చూడాలి. తర్వాత మన స్లాబుకు జాకీలు పెట్టి, వదులైన కాంక్రీటంతా కొట్టి, చువ్వలకు తుప్పు వదిలించి మందు పూసి, కొత్త కాంక్రీటు పట్టించి, వారం రోజులు తడపాలి. ఆ పైన ప్లాస్టరు, అది ఆరాక రంగు. ఇదంతా జూలై 31కి పూర్తవుతుందని ఆయన అంచనా. పై ఫ్లాటువారు బాత్రూము ఖాళీ చేసి ఇవ్వడానికే నాలుగు రోజులు తీసుకున్నారు కాబట్టి, పని ఈ తేదీ దాటి కొంత ఆలస్యమైనా నేను ఆశ్చర్యపోను.

ఇప్పుడు ఇంటి లోపల పరిస్థితి. వంటగదిలో ఆరు జాకీలు నిలబెట్టారు. సింకు కొళాయి నీళ్లు కట్టేశారు. గ్యాసు పొయ్యి, సిలిండరు అక్కడ ఉంచకూడదని ఇంజనీరే చెప్పడంతో వాటిని బయటికి తెచ్చాము. సర్వీస్ ఏరియాకు దారి వంటగదిలోంచే కాబట్టి వాషింగ్ మెషీనూ మూలపడింది. వెనక పడకగదిలో స్లాబు మూల దెబ్బతిన్నదని మంచం తీయించి అక్కడా మూడు జాకీలు పెట్టారు. దానికి ఆనుకున్న బాత్రూము తలుపుకు టార్పాలిన్ కట్టేశారు. హాలు, ముందు పడకగది, ఉమ్మడి బాత్రూము, ఈ మూడింటిలోనే నలుగురం సర్దుకుంటున్నాము. హాల్లో టీవీ బల్ల మీద ఇండక్షన్ స్టవ్ పెట్టి అన్నం, చారు వరకు వండుకుంటున్నాము. గిన్నెలు కడగడానికి మా అమ్మ ఉమ్మడి బాత్రూములో ప్లాస్టిక్ స్టూలు వేసుకొని కూర్చుంటోంది. ఆవిడకు డెబ్బై రెండేళ్లు, మోకాళ్ల నొప్పులు. కూర్చోవడం ఎలాగో కూర్చున్నా, లేవడానికి ఎవరో ఒకరు చేయి అందించవలసిందే. పదో తరగతి చదివే మా అబ్బాయి బడి నుంచి వచ్చేసరికి కొట్టుడు ఆగుతుంది గాని, సిమెంటు ధూళి ఆగదు. పుస్తకాల మీద రోజూ ఒక పొర.

పని అయ్యేదాకా చుట్టాల ఇంటికి మారమని మీరు మంచి మనసుతోనే సూచించారు. నలుగురం ఆరు వారాలు ఒకరి ఇంట్లో ఉండటం బాగుండదు. పైగా ఇంట్లో మనిషి లేకపోతే మేస్త్రీకి తలుపు తీసేదెవరు, కాంక్రీటు తడిపారో లేదో చూసేదెవరు అన్న ప్రశ్న మీకే వస్తుంది. పోనీ తాత్కాలికంగా వేరే ఇల్లు చూసుకుందామన్నా, మనకు ఆషాఢం వచ్చేసింది. అది పోగానే ఇక్కడివారి ఆడి మాసం మధ్యలో ఉంటుంది. ఈ రోజుల్లో పాలు పొంగించి కొత్త ఇంట్లో చేరడానికి మా అమ్మ ససేమిరా ఒప్పుకోదు.

ఇక లెక్క. టేపుతో నేనే కొలిచాను. గదుల లోపలి కొలత మొత్తం 772 చదరపు అడుగులు. అందులో వంటగది 84, సర్వీస్ ఏరియా 32, వెనక పడకగది 124, దాని బాత్రూము 38, కలిపి 278 చదరపు అడుగులు వాడుకలో లేవు. అంటే నూటికి 36 వంతులు. అయితే ఇంట్లో చోటుకు విలువ అడుగుల లెక్కనే ఉండదు. మూల గది మూతపడటం వేరు, వంటగది మూతపడటం వేరు. ఆ ఒక్క కారణంతో నూటికి 40 వంతులు తగ్గించమని కోరుతున్నాను. 26,000 రూపాయల అద్దెలో అది 10,400 రూపాయలు. రోజు లెక్కన దాదాపు 347 రూపాయలు. మెస్ నుంచి తెప్పించుకుంటున్న క్యారియరు ఖర్చు, బట్టలు బయట ఉతికించుకుంటున్న ఖర్చు ఇందులో కలపలేదు, కలపబోను కూడా. నెలకు 2,500 రూపాయల మెయింటెనెన్సు అసోసియేషనుకు యథాప్రకారం పూర్తిగా కడతాను.

జూన్ నెల అద్దె పని మొదలవకముందే, 5వ తేదీన, పూర్తిగా పంపాను. అందులో జూన్ 16 నుంచి 30 వరకు పదిహేను రోజులకు తగ్గింపు 5,200 రూపాయలు అవుతుంది. జూలై నెల తగ్గింపు 10,400. రెండూ కలిపి 15,600 రూపాయలను జూలై అద్దెలో సర్దుబాటు చేస్తే, జూలై 5న నేను పంపవలసినది 10,400 రూపాయలు. మొత్తం ఒకేసారి తగ్గితే మీకు ఇబ్బంది అనుకుంటే, జూన్ బాపతు 5,200 ఆగస్టు అద్దెలో తగ్గించుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. పని జూలై 31 దాటితే మిగిలిన రోజులకు రోజు లెక్కనే చూసుకుందాము. వంటగది ముందుగా సిద్ధమై, నీళ్లు, గ్యాసు వాడుకోవచ్చని ఇంజనీరు చెప్పిన రోజు నుంచి తగ్గింపు సగమైతే చాలు. రంగులు మాత్రమే మిగిలిన రోజులకు నేను ఏమీ అడగను.

ఈ నీరు పై ఫ్లాటు నుంచి వచ్చింది కాబట్టి నష్టం వారే భరించాలని మీరు అన్నారు. న్యాయంగా అది నిజమే కావచ్చు. కాని పై ఫ్లాటు యజమానితో గాని అసోసియేషనుతో గాని నాకు ఒప్పందమేదీ లేదు. నా అద్దె మీకు, నా ఇల్లు మీ నుంచి. వారి దగ్గర మీరు రాబట్టుకోవడానికి నవంబరు నుంచి తీసిన ఫోటోలన్నీ తేదీలతో సహా ఇస్తాను. అసోసియేషను సమావేశానికి మీ తరఫున రమ్మన్నా వస్తాను.

చట్టం సంగతి ఎత్తడం నాకు ఇష్టం లేదు గాని, మీరు ఫోనులో అడిగారు కాబట్టి చెబుతున్నాను. తమిళనాడులో 2019 ఫిబ్రవరి నుంచి అమలులో ఉన్న 2017 నాటి అద్దె చట్టం రెండో షెడ్యూలులో ఎవరి మరమ్మతు ఎవరిదో పంచి పెట్టారు. కట్టడానికి సంబంధించిన మరమ్మతులు, పైపులు మార్చడం, వైరింగు యజమాని వంతు. కొళాయి వాషర్లు, స్విచ్చులు, సాకెట్లు, తాళాలు వంటివి అద్దెకున్నవారి వంతు. నా వంతు చిల్లర పనులన్నీ ఈ మూడేళ్లూ నేనే చేయించుకున్నాను, మీకు ఒక్క బిల్లూ పంపలేదు. ఇప్పటి స్లాబు పని మాత్రం ఆ జాబితాలో మీ వైపు ఉన్నదే. మన ఒప్పంద పత్రంలో మరమ్మతుల కాలంలో అద్దె ఎంత అన్న షరతు లేదు. అందుకే మాట్లాడుకొని తేల్చుకోవడం మినహా మార్గం లేదు.

మరొక చిన్న విషయం. కాంక్రీటు కొట్టే యంత్రానికి, కోత మిషనుకు మేస్త్రీ మా ప్లగ్గు నుంచే కరెంటు తీసుకుంటున్నాడు. ఇక్కడ బిల్లు రెండు నెలలకొకసారి వస్తుంది, వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటూ పెరుగుతుంది. మెట్ల కింద ఉన్న కామన్ మీటరు నుంచి తీసుకోమని అతనికి మీరొక మాట చెబితే చాలు. జూన్ 16 ఉదయం మా మీటరు రీడింగు ఫోటో తీసి పెట్టాను.

మీ సమ్మతి లేకుండా నా అంతట నేను అద్దె కోసుకొని పంపను. అడ్వాన్సుగా మీ దగ్గరున్న 78,000 రూపాయలను ఇందులోకి లాగే ఆలోచన కూడా లేదు. జూలై 3 లోపు ఈ లెక్కకు ఒప్పుకుంటున్నట్టు వాట్సాప్‌లో రెండు మాటలు రాసినా సరిపోతుంది. లెక్కలో ఏదైనా ఎక్కువగా తోస్తే ఏ అంకె దగ్గరో చెప్పండి, ఆ అంకె గురించే మాట్లాడుకుందాము. ఆదివారాలు పని ఉండదు కాబట్టి, వీలైతే జూలై 6న వచ్చి మీ కళ్లతో చూసినా మంచిదే. ఆ రోజు భోజనం మాత్రం మెస్ క్యారియరే పెట్టగలను, మన్నించాలి.

గదుల కొలతల కాగితం, జనవరి 19, మే 24, జూన్ 27 తేదీల ఫోటోలు, మీటరు రీడింగు ఫోటో, జూన్ అద్దె చెల్లింపు రసీదు దీనితో జత చేస్తున్నాను.

భవదీయుడు,
వెంకటరమణ
రెండో అంతస్తు