ఒక నెల ట్రయల్‌పై క్యాషియర్ ఉద్యోగం

తిరుపతి,
28-05-2026

అమ్మా లావణ్యా,

గాంధీరోడ్డులోని మన స్టీలు సామాన్ల కొట్లో క్యాషియర్‌గా నిన్ను జూన్ 1 నుంచి 30 వరకు ట్రయల్‌గా తీసుకుంటున్నాను.

జీతం రోజుకు 500. బుధవారాలు సెలవు కాబట్టి 26 రోజులకు 13,000. జూలై 1న నీ బ్యాంకు ఖాతాలో వేస్తాను. మధ్యలో మానుకున్నా చేసిన రోజులకు లెక్కకట్టి ఇస్తాను. రాకపోతే ఆ రోజు కూలి ఉండదు, ముందురోజే ఫోన్ చెయ్యి. వేళలు ఉదయం 10 నుంచి రాత్రి 7:30, మధ్యాహ్నం గంట భోజనానికి.

పొద్దున 2,000 చిల్లర ఇద్దరం ఎంచి గల్లాలో పెడదాం. రాత్రి కూడా ఇద్దరమే ఎంచి, పుస్తకంలో సంతకాలు పెడదాం. తగ్గితే జీతంలో కోయను, కానీ ఎందుకు తగ్గిందో ఆ రాత్రే చూడాలి. ఫోన్ పేమెంటుకు కస్టమరు చూపించే స్క్రీన్ నమ్మొద్దు. సౌండ్‌బాక్స్ పలికాకే బిల్లు చింపు. పోయిన ఏడాది అలాగే ఒక ఇడ్లీ కుక్కర్ పోయింది, ఆ తప్పు నాదే!

ఇద్దరికీ కుదిరితే జూలై నుంచి నెలకు 14,500. ఏ సంగతీ జూన్ 28వ తేదీకల్లా చెబుతాను. ఒరిజినల్ సర్టిఫికెట్లు, డిపాజిట్ అడగను. ఆధార్ జిరాక్స్ చాలు.

సమ్మతమైతే రెండో కాపీ మీద సంతకం చేసి శనివారంలోగా ఇవ్వు. నాన్నగారికి కూడా చదివి వినిపించు.

ఇట్లు,
మునిరత్నం
కొట్టు యజమాని