ఇల్లు మారుతున్నాం: సోఫా, బీరువా, మంచం, డైనింగ్ టేబుల్, వాషింగ్ మెషిన్ (కొలతలు, బరువు, రవాణా వివరాలతో)

ముందే ఒక మాట. కింద ఉన్న కొలతలు కంపెనీ కాగితంలోవి కావు. హ్యాండిళ్లు, బయటికి పొడుచుకొచ్చిన అంచులు కలుపుకొని నేనే టేపు పెట్టి తీశాను. అంగుళాలు సుమారుగా వేశాను కాబట్టి తేడా అనిపిస్తే సెంటీమీటర్లనే నమ్మండి. ఇంత పట్టింపు ఎందుకంటే, ఈ సోఫాకు ముందు కొన్నది మా గుమ్మంలోనే ఇరుక్కుపోయింది. సాయంత్రం దాకా వరండాలో కూర్చుని, అదే బండిలో వెనక్కి వెళ్లింది. మీకు ఆ తిప్పలు వద్దు.

ధరలు పైన గడుల్లో వేశాను. దేనికది విడిగా కొనుక్కోవచ్చు.

1. ముగ్గురు కూర్చునే సోఫా
పొడవు 212 సెం.మీ. (దాదాపు 7 అడుగులు), లోతు 92, ఎత్తు 84. సీటు ఎత్తు 44. బరువు 58 కిలోలు.

దీని బరువు ఎలా తెలిసిందంటే, ఒక చివర తూకం మిషన్ మీద, రెండో చివర అంతే ఎత్తున్న ఇటుకల మీద పెట్టి చూసి, మళ్లీ తిప్పి చూసి రెండూ కలిపాను. ఒకటో రెండో కిలోలు అటూ ఇటూ ఉండొచ్చు.

ఇది విడదీసే సోఫా కాదు. ఊడేవి కుషన్లు, నాలుగు కాళ్లు మాత్రమే. కాళ్లు 12 సెం.మీ., చేత్తో తిప్పితే వచ్చేస్తాయి. అప్పుడు ఎత్తు 72 అవుతుంది. గుమ్మం దాటించేటప్పుడు వీపు మీద పడుకోబెట్టి, ఆ 72 అడ్డంగా వచ్చేలా పట్టుకోవాలి. నిలబెట్టి తెద్దామంటే మామూలు గుమ్మం ఎత్తు చాలదు. అందుకని మీ తలుపు బార్లా తెరిచి, చట్రానికీ తలుపు అంచుకూ మధ్య ఖాళీ కొలవండి. చట్రం కొలత లెక్కలోకి తీసుకోవద్దు, తలుపు మందం కొంత తినేస్తుంది. ఖాళీ 76 ఉంటే నిశ్చింత. 72 నుంచి 76 మధ్యలో ఉంటే తలుపు కబ్జాల నుంచి ఊడదీయాల్సి రావచ్చు. అంతకన్నా తక్కువైతే దయచేసి దీన్ని వదిలేయండి.

మా మెట్లు 115 సెం.మీ. వెడల్పు. మలుపు దగ్గర నిలువుగా ఎత్తి తిప్పి తెచ్చాం. మీ మెట్లు అంతకన్నా ఇరుకైతే మలుపు ఫొటో పంపండి, కలిసి చూద్దాం. సోఫా ఎడమ చేతి మీద పిల్లి గీతలున్నాయి, మూడో ఫొటో అదే.

2. మూడు తలుపుల బీరువా (పార్టికల్ బోర్డు)
ఎత్తు 205 సెం.మీ. (6 అడుగుల 9 అంగుళాలు), వెడల్పు 120, లోతు 52. హ్యాండిళ్లతో లోతు 55. బరువు 115 కిలోలు. మధ్య తలుపుకు నిలువుటద్దం ఉంది.

ఇది పూర్తిగా విడిపోతుంది. విప్పిపెట్టే పని మాది. విప్పాక అన్నింటిలోకీ పెద్దవి పక్క చెక్కలు, ఒక్కోటి 205 × 52, సుమారు 13 కిలోలు. చెక్కలకు పెన్సిలుతో నంబర్లు వేసి, స్క్రూలు, క్యామ్ లాకులు దేనివి దానికి కవర్లలో కట్టి ఇస్తాను. బిగించడానికి ఇద్దరికి మూడు గంటలు పట్టొచ్చు. ప్లస్ స్క్రూడ్రైవర్, సుత్తి చాలు.

పడుకోబెట్టి బిగించి నిలబెట్టాలనుకుంటే పైకప్పు 212 సెం.మీ. పైన ఉండాలి. లేపేటప్పుడు మూల నుంచి మూలకు అంత వస్తుంది. అటక కింద పెట్టాలనుకునేవాళ్లు ఇది చూసుకోండి.

ఇప్పటికి ఒకసారి విప్పి బిగించిందే. పార్టికల్ బోర్డుకు స్క్రూ రంధ్రాలు ప్రతిసారీ కాస్త వదులవుతాయి. కుడి తలుపు కింది కబ్జా దగ్గర అలా అయితే పక్కన కొత్త రంధ్రం వేశాం. గోడకు కట్టే రెండు ఇనుప పట్టీలు ఇస్తాను. గోడలో దిగే స్క్రూలు మీ గోడను బట్టి మీరు తెచ్చుకోవాలి. చిన్నపిల్లలున్న ఇల్లయితే వాటిని బిగించకుండా వాడొద్దు, తలుపులన్నీ తెరిస్తే బరువు ముందుకొస్తుంది.

3. సామాను పెట్టుకునే మంచం (పరుపు ఇవ్వడం లేదు)
బయటి కొలత 208 × 160 సెం.మీ., తలవైపు పలక ఎత్తు 100, పెట్టె ఎత్తు 35. 78 × 60 అంగుళాల పరుపు సరిపోతుంది. బరువు 92 కిలోలు.

పై భాగం గ్యాస్ రాడ్ల మీద లేస్తుంది. పరుపు లేనప్పుడు కిందికి నొక్కినా ఆగదు, దానంతటదే లేస్తుంది. చూడ్డానికొచ్చి పాడైందనుకోకండి, రాడ్లు పరుపు బరువుకు తగ్గట్టు పెట్టినవి. విప్పేటప్పుడు మూత పూర్తిగా తెరిచి, ఒకరు పట్టుకుని ఉండగా రెండోవారు రాడ్లు తీయాలి. అది నేను చేసిపెడతాను. మీ ఇంట్లో బిగించేటప్పుడూ ఇద్దరుండాలి.

మూత కింది ఇనుప ఫ్రేము ఒకటే ముక్క: 196 × 150, 18 కిలోలు. లిఫ్టులో పట్టదు, మెట్ల మీదే దించాలి.

4. డైనింగ్ టేబుల్, ఆరు కుర్చీలు (షీషం చెక్క)
టేబుల్ 150 × 90, ఎత్తు 76 సెం.మీ. బరువు 46 కిలోలు. నాలుగు కాళ్లూ బోల్టులతో ఊడతాయి, అలెన్ కీ ఇస్తాను. పది నిమిషాల పని. కుర్చీలు విడిపోవు, ఒక్కోటి 7 కిలోలు, 45 × 50, ఎత్తు 95.

5. వాషింగ్ మెషిన్, ముందు తలుపుది, 7 కిలోలు
ఎత్తు 85, వెడల్పు 60, లోతు 55 సెం.మీ. వెనక పైపులకు మరో 8 వదలాలి.

7 కిలోలన్నది బట్టల లెక్క. మెషిన్ బరువు 65 కిలోలు, లోపల కాంక్రీటు దిమ్మె ఉంటుంది. "ఒక్కడినే వస్తా, ఎత్తేస్తా" అని ఇప్పటికే ఇద్దరు రాశారు. కుదరదు. డ్రమ్ము కదలకుండా వెనక బిగించే నాలుగు బోల్టులు దాచే ఉంచాను, నేనే బిగించి ఇస్తాను. మీ ఇంట్లో అవి తీయకుండా ఆన్ చేస్తే మెషిన్ గదంతా గెంతుతుంది, పాడైపోతుంది.

రవాణా గురించి

మాది రెండో అంతస్తు. లిఫ్టు లోపల 110 × 120, ఎత్తు 210, తలుపు 80. సోఫా, మంచం ఫ్రేము తప్ప మిగతావన్నీ అందులో దిగుతాయి.

విప్పడం, కింద గేటు దాకా దించడం మా బాధ్యత. నేనూ మా తమ్ముడూ ఉంటాం. సోఫాకు, మెషిన్‌కు మాత్రం మీవైపు నుంచి ఇంకొకరు కావాలి. గేటు దగ్గర నుంచి బండి, బండిలోకి ఎక్కించడం, దారిలో దెబ్బ తగిలితే ఆ నష్టం, మీ ఇంట్లో పైకి మోయడం, మళ్లీ బిగించడం మీవి. బండి మీకు దొరక్కపోతే నాకు తెలిసిన డ్రైవరుకు చెబుతాను. అతను మీ గేటు ముందు దించి వెళ్లిపోతాడు, మెట్లెక్కడు. మోసేవాళ్లు కావాలంటే ముందే చెప్పండి, కూలి వేరే.

సోఫాకు బండి తొట్టి లోపల 220 సెం.మీ. ఉండాలి. బీరువా, మంచం కలిపి ఒక ట్రిప్పులో వస్తాయి. సోఫా కూడా కలిపితే చిన్న బండికి రెండు ట్రిప్పులు. మెషిన్‌ను నిలువుగానే తీసుకెళ్లాలి. కట్టడానికి తాడు, పాత దుప్పట్లు మీరు తెచ్చుకోండి. మా దుప్పట్లు మా సామానుకే చాలడం లేదు.

తీసుకెళ్లే రోజులు శని, ఆదివారాలు, ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 1 వరకు. బీరువా, మంచం కావాలంటే రెండు రోజుల ముందు ఖాయం చేయండి, మీరొచ్చేసరికి విప్పి ఉంచుతాను. విప్పకముందు నిలబెట్టి చూడాలనుకుంటే ఏ సాయంత్రమైనా 7 తర్వాత రండి. ఈ నెల 28న ఇల్లు ఖాళీ చేస్తున్నాం. ఆ తర్వాత ఏదీ దాచిపెట్టలేను.

ఇంకేదైనా కొలత కావాలంటే మెసేజ్ పెట్టండి, టేపు పెట్టి ఫొటో తీసి పంపుతాను. మీ గుమ్మం, మెట్లు, లిఫ్టు కొలతలు కూడా అందులోనే రాస్తే పని త్వరగా తెములుతుంది.