ఉగాది సరుకు అరువుపై పంపమని కోరుతూ లేఖ

మున్నేకొళాల, మారతహళ్లి,
బెంగళూరు.
06-03-2026, శుక్రవారం

సుబ్బయ్య శెట్టి గారికి,
హోల్‌సేల్ కిరాణా వ్యాపారం,
ఏపీఎంసీ యార్డు, యశవంతపుర.

విషయం: 59,240 రూపాయల సరుకులో 40,000 అరువు. ఆఖరి చెల్లింపు ఏప్రిల్ 6.

నమస్కారం శెట్టిగారూ,

జనవరిలో తీసుకున్న సరుకు తాలూకు 22,500 ఫిబ్రవరి 5న చెల్లించాను. మీ ఖాతాలో నా పేర పాత బాకీ ఏమీ లేదు, ఒకసారి చూసుకోండి.

ఈసారి ఉగాది 19న, నెల మధ్యలో పడింది. మా వీధిలో జీతాలు ఒకటో తేదీన వస్తాయి. 15 దాటితే చాలామంది పుస్తకంలో రాయించుకునే తీసుకుపోతారు. పండగ సరుకు అమ్ముడుపోతుంది, డబ్బు మాత్రం వచ్చే నెలకు గానీ చేతికి రాదు. అందుకే ఈ అరువు అడుగుతున్నాను.

నిన్న మీ గుమస్తా ఫోనులో చెప్పిన ధరల ప్రకారం కావలసినవి:

సోనా మసూరి పాత బియ్యం, 26 కేజీల బస్తాలు 12, ఒక్కోటి 1,520 – 18,240
కందిబేడలు, 50 కేజీల మూటలు 2, ఒక్కోటి 5,900 – 11,800
శెనగబేడలు, 50 కేజీల మూటలు 2, ఒక్కోటి 4,000 – 8,000
మండ్య అచ్చుబెల్లం, 10 కేజీల పెట్టెలు 10, ఒక్కోటి 560 – 5,600
చక్కెర, 50 కేజీల మూటలు 2, ఒక్కోటి 2,200 – 4,400
సన్‌ఫ్లవర్ నూనె, 15 లీటర్ల డబ్బాలు 4, ఒక్కోటి 2,350 – 9,400
మైదా, 50 కేజీల మూట 1 – 1,800
మొత్తం 59,240

బియ్యం 26 కేజీల బస్తాలే పంపండి. 25 కేజీల ప్యాకింగైతే 5 శాతం జీఎస్టీ పడుతుంది, ఆ ధరకు ఇక్కడ ఎవరూ కొనరు. కొత్త బియ్యం వద్దు, అన్నం ముద్దవుతోందని సగం వాడిన బస్తా తిరిగొస్తుంది. బెల్లం ఎక్కించేముందు ఒక అచ్చు విరిచి నోట్లో వేసుకుని చూడమనండి. ఉప్పు తగిలితే ఓళిగల పూర్ణం చెడుతుంది, పండగరోజు ఆ మాట పడేది అంగడివాడే. పెట్టె అడుగున చెమ్మ ఉన్నవి కూడా వద్దు.

చెల్లింపు ఇలా చేస్తాను. సరుకు దిగగానే 19,240 యూపీఐలో వేస్తాను. మార్చి 21, శనివారం 15,000 ఇస్తాను, అది పండగ నాలుగు రోజుల రొక్కం అమ్మకంలోంచి వస్తుంది. మిగిలిన 25,000 ఏప్రిల్ 6, సోమవారం సాయంత్రంలోపు మీ ఖాతాలో పడుతుంది.

ఏప్రిల్ 6 ఎందుకంటే, పుస్తకంలో 41 ఇళ్లకు నెలకు 52,000 దాకా రాస్తాను. అందులో 5వ తేదీలోపు 40,000 వసూలవుతుంది. తక్కినది 10 దాటుతుంది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. అంగడి అద్దె 14,000 పోగా 26,000 ఉంటుంది. పాలు, కూరగాయల ఖర్చు రోజువారీ గల్లాలోంచే వెళ్తుంది, ఈ డబ్బును ముట్టుకోదు.

ఏప్రిల్ 6 తేదీతో 25,000కు అకౌంట్ పేయీ చెక్కు మీ బండివాడి చేతికే ఇస్తాను. ఆ తేదీకి ముందు బ్యాంకులో వేయకండి. నేను యూపీఐలో వేసేస్తే చెక్కు వెనక్కి ఇవ్వండి. ఏ కారణం చేతనైనా ఆలస్యమైతే, ఆలస్యమైన రోజులకు నెలకు నూటికి రూపాయిన్నర చొప్పున వడ్డీ కట్టుకోండి, బాకీ తీరేదాకా కొత్త సరుకు ఆపేయండి. ఈ షరతు బిల్లు మీదే రాయించండి, నేను సంతకం పెడతాను.

సరుకు మార్చి 11, బుధవారం పొద్దున 7 గంటల లోపు దిగాలి. మా సందులోకి టాటా ఏస్ వస్తుంది, పెద్ద లారీ తిరగదు. దించే కూలి నాది. మూటలు తూకం వేసుకుని, నూనె డబ్బాల సీలు చూసుకుని అక్కడే చలానా మీద రాసిస్తాను. తరుగుంటే ఆ రోజే చెబుతాను. బెల్లం, బేడల్లో పురుగో చెమ్మో కనబడితే రెండు రోజుల్లో తిప్పి పంపుతాను. ఆ తర్వాత అడగను.

40,000 ఎక్కువనిపిస్తే బియ్యం 6 బస్తాలకు తగ్గించండి. అప్పుడు అరువు 30,880 అవుతుంది, ఏప్రిల్ 6న ఇచ్చేది 15,880. చెక్కు కూడా అంతకే రాస్తాను. బెల్లం, శెనగబేడలు మాత్రం తగ్గించకండి, ఆ వారంలో అవి లేకపోతే గిరాకీ పక్కంగడికి పోతుంది.

మీ మాట సోమవారం, 9వ తేదీ మధ్యాహ్నంలోపు చెప్పిస్తే మిగతా ఏర్పాటు చూసుకుంటాను.

ఇట్లు,
రామాంజనేయులు,
శ్రీ వెంకటేశ్వర ప్రొవిజన్ స్టోర్స్